500 షేర్లు, ఒక మధ్యాహ్నం: బిడ్‌కూ ఆస్క్‌కూ మధ్య నా అనుభవం

ఆ షేరు పేరు పక్కన పెద్ద అంకెల్లో 412.00 అని ఉంది. నేను కొనదలచుకున్నవి 500 షేర్లు. 412ను 500తో గుణించి, అంత డబ్బు ఖాతాలో ఉందో లేదో చూసుకుని, మార్కెట్ ఆర్డరు ఎంచుకుని కొనుగోలు బటన్ నొక్కేయడం చాలామంది చేసే పని. పెద్ద కంపెనీల షేర్లు కొనేటప్పుడు నేను కూడా అంతకు మించి ఆలోచించను. కానీ ఇది రోజు మొత్తంలో కొద్ది వేల షేర్లు మాత్రమే చేతులు మారే కంపెనీ. ఇలాంటి చోట ఆ పెద్ద అంకెను పట్టుకుని లెక్కలు వేయడం నాకు ఇష్టం ఉండదు.

ఎందుకంటే అది జరిగిపోయిన ట్రేడు ధర. ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చివరిసారి ఆ ధరకు అమ్మారు, అంతే. పక్కనే ఉన్న సమయం చూస్తే ఆ ట్రేడు జరిగి పదకొండు నిమిషాలైంది. ఈ క్షణాన 412కు అమ్మడానికి మార్కెట్లో ఒక్కరు కూడా లేకపోవచ్చు. నిజంగా ఎవరు ఏ ధరకు సిద్ధంగా ఉన్నారో తెలియాలంటే మార్కెట్ డెప్త్ తెరవాలి. తెరిస్తే ఇలా ఉంది:

| కొనేవారు (బిడ్) | షేర్లు | అమ్మేవారు (ఆస్క్) | షేర్లు |
|---|---|---|---|
| 409.50 | 120 | 414.00 | 60 |
| 409.00 | 340 | 414.80 | 140 |
| 408.20 | 75 | 416.00 | 100 |
| 407.00 | 500 | 418.50 | 250 |
| 405.00 | 1,000 | 421.00 | 800 |

ఎడమవైపు ఉన్నది కొనడానికి కాచుకున్నవారి వరుస. అందులో అందరికన్నా ఎక్కువ ఇస్తానన్నవారి ధర 409.50, అది బిడ్. కుడివైపు ఉన్నది అమ్మడానికి కాచుకున్నవారి వరుస. అందులో అందరికన్నా తక్కువకు ఇస్తానన్నవారి ధర 414.00, అది ఆస్క్. ఈ రెండింటి మధ్య ఉన్న 4.50 ఖాళీయే స్ప్రెడ్. సరిగ్గా నడిమి ధర 411.75 కాబట్టి స్ప్రెడ్ దాదాపు 1.1 శాతం. ఎక్కువగా చేతులు మారే షేర్లలో ఇది ఊహకు కూడా రాదు. అక్కడ 1,250.00 బిడ్ ఉంటే 1,250.10 ఆస్క్ ఉంటుంది, అంటే స్ప్రెడ్ 0.008 శాతం. పైగా ఆ ధరల దగ్గరే వేల షేర్లు ఉంటాయి. అలాంటి షేరులో 500 కొనేవాడు మార్కెట్ ఆర్డరా, లిమిట్ ఆర్డరా అని తల పట్టుకోనక్కర్లేదు.

స్ప్రెడ్ కన్నా నన్ను ఎక్కువగా ఆపింది దాని పక్కన ఉన్న షేర్ల సంఖ్య. 414.00కు ఉన్నవి 60 మాత్రమే, నాకు కావలసినవి 500. మార్కెట్ ఆర్డరుకు ధర అనే షరతు ఉండదు. ‘ఎంతకైనా సరే, ఇప్పుడే కావాలి’ అన్నదే దాని సారాంశం. కాబట్టి అది వరుసలో మొదటివాడి దగ్గర ఉన్నవన్నీ ఊడ్చి, రెండోవాడి దగ్గరకు, అక్కడినుంచి మూడోవాడి దగ్గరకు పోతూనే ఉంటుంది. నొక్కే ముందు నేను కాగితం మీద లెక్క వేశాను. 414.00కు 60, 414.80కి 140, 416.00కు 100, మిగిలిన 200 షేర్లు 418.50కి. మొత్తం 2,08,212. సగటున ఒక్కో షేరు 416.42 పడుతుంది. అంటే తెర మీద 412 చూసి నొక్కినవాడికి 416 దాటి పడుతుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఆర్డరు ఏమి చెప్పిందో అదే జరుగుతుంది.

ఇక్కడ ఇంకో లెక్క కూడా వేసి చూడటం నాకు అలవాటు. అలా కొన్న మరుక్షణమే మనసు మారి, అదే పద్ధతిలో అమ్మేస్తే ఎంత వస్తుంది? ఎడమవైపు వరుసలో 409.50కి 120, 409.00కు 340, 408.20కి 40 పోతాయి. చేతికి వచ్చేది 2,04,528. కంపెనీలో ఏమీ మారలేదు, మంచి వార్త లేదు, చెడ్డ వార్త లేదు. అయినా 3,684 పోయింది, పెట్టిన దానిలో 1.77 శాతం. బ్రోకరేజీ, పన్నులు ఇందులో కలపలేదు. బ్రోకరేజీ తక్కువ ఎవరి దగ్గర అని వారాల తరబడి వెతికేవారు ఈ ఖర్చును పట్టించుకోకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఇది ఏ బిల్లులోనూ ఒక వరుసగా కనబడదు, బహుశా అందుకే కావచ్చు.

ఇంతకీ ఈ ఖాళీ ఎవరి వల్ల ఉంది? 1968లో హెరాల్డ్ డెమ్సెట్జ్ అనే ఆర్థికవేత్త దీన్ని ఆగకుండా పని పూర్తి చేసుకున్నందుకు చెల్లించే ధరగా చూశాడు. నేను ఇప్పుడే కొనాలంటే నాకోసం ఎవరో ముందే అమ్మకం ధర ప్రకటించి కాచుకుని ఉండాలి. ఆ కాచుకోవడం ఉచితం కాదు. అలా కాచుకునేవాడు మామూలుగా రెండు వైపులా ధరలు ప్రకటిస్తాడు కాబట్టి, తను కొన్న షేర్లను మళ్లీ వదిలించుకునేవరకు ధర పడిపోయే ప్రమాదం అతనిదే. దానికన్నా పెద్ద భయం మరొకటి ఉంది. ఎదురుగా వచ్చి అమ్ముతున్నవాడికి తనకు తెలియనిదేదో తెలిసి ఉండవచ్చు. రోజుకు లక్షల ట్రేడులు జరిగే షేరులో ఒక్కో ట్రేడు వెనుక రహస్య సమాచారం ఉండే అవకాశం తక్కువ, తప్పటడుగు పడినా క్షణాల్లో సర్దుకోవచ్చు. పలచగా నడిచే షేరులో అలా కాదు. అందుకే అక్కడ కాచుకునేవారు ఎడంగా నిలబడతారు. ఫలితాలు వెలువడే ముందు, ఉదయం మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో స్ప్రెడ్ వెడల్పు కావడానికీ కారణం ఇదే: అసలు ధర ఎంతో ఎవరికీ ఇంకా తెలియదు. నేను మధ్యాహ్నాన్ని ఎంచుకున్నది కూడా అందుకే.

లిమిట్ ఆర్డరులో నేను ఒక హద్దు గీస్తాను. కొనేటప్పుడు అది పైహద్దు: ఇంతకు మించి ఇవ్వను, తక్కువకు దొరికితే తీసుకుంటాను. 410.00 ధర పెట్టి 500 షేర్లకు ఆర్డరు ఇచ్చాను. అప్పటివరకు పై వరుసలో ఉన్న 409.50 రెండో స్థానానికి దిగింది, కొత్త బిడ్ నాది. స్ప్రెడ్ 4.50 నుంచి 4.00కు తగ్గింది. నా ఆర్డరు నా కళ్ల ముందే డెప్త్‌లో పై వరుసకు చేరడం చూస్తే, బిడ్ అనేది ఎక్కడినుంచో ఊడిపడే అంకె కాదని, నాలాంటి ఎవరో పెట్టినదేనని స్పష్టంగా తెలుస్తుంది.

నా సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. క్షణాల్లో 410.05కు 100 షేర్ల బిడ్ ఒకటి నా పైన వచ్చి కూర్చుంది. ఇది దాదాపు ఖాయంగా కంప్యూటర్ ప్రోగ్రామే, మనిషి చేయి ఇంత వేగంగా కదలదు. వరుసలో నియమం సూటిగా ఉంటుంది: మొదట ధర చూస్తారు, ధర ఒకటే అయితే ముందు వచ్చినవారికి ముందు. 0.05 ఎక్కువ ఇస్తానన్నవాడు నాకన్నా ముందు నిలబడతాడు. నేను 410.10కి పెంచితే అతను 410.15కు పోతాడు. ఈ ఆటలో దిగితే బిడ్‌ను నేనే పైకి తోసుకుంటూ పోతాను. కాబట్టి కదలకుండా ఉన్నాను. కదలకపోవడానికి మరో కారణం కూడా ఉంది. ధర మార్చినా, షేర్ల సంఖ్య పెంచినా చాలా ఎక్స్ఛేంజీల్లో ఆ ఆర్డరు కొత్తదానిగా లెక్కకు వచ్చి, ఆ ధర దగ్గర వరుస చివరకు పోతుంది. సంఖ్య తగ్గిస్తే మాత్రం మామూలుగా స్థానం పోదు.

పక్కన కూర్చుని ఇదంతా చూస్తున్న మా తమ్ముడికి విసుగు వచ్చింది. “అన్నయ్యా, ఈ కంపెనీని పదేళ్లు ఉంచుకుంటానని నువ్వే అన్నావు. ఈ నాలుగు కోసం ఇంతసేపు కూర్చోవాలా?” అన్నాడు.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. పదేళ్ల మీద పరచి చూస్తే ఒక శాతం పెద్ద లెక్క కాదు. “నిజమే. కానీ ఒక్క నిమిషంలో దొరికే పనికి ఒక శాతం ఇవ్వమంటే ఇస్తావా? ఈ డబ్బుకు నెల రోజులు బ్యాంకులో ఉంటే కూడా అంత వడ్డీ రాదేమో” అన్నాను. వాడు లేచి వెళ్లిపోయాడు, ఒప్పుకున్నట్టా కాదా అన్నది తేలలేదు.

కాసేపటికి అవతలి వైపు నుంచి ఎవరో 280 షేర్లు ఒక్కసారిగా అమ్మేశారు. బహుశా మార్కెట్ ఆర్డరే అయి ఉంటుంది. మొదటి 100 షేర్లు నా పైన కూర్చున్నవాడికి 410.05కు పోయాయి, మిగతా 180 నాకు 410.00కు వచ్చాయి. ఆర్డరు పక్కన ‘పాక్షికంగా పూర్తయింది’ అని కనబడింది. లిమిట్ ఆర్డరు ఇచ్చేవారు మొదటిసారి ఇది చూసి కంగారు పడతారు. కంగారు ఏమీ అవసరం లేదు: వచ్చిన 180 షేర్లు నావే, మిగిలిన 320 షేర్లకు ఆర్డరు అదే ధర దగ్గర బతికే ఉంది. ఒక్క చిన్న చిక్కు ఉంది. బ్రోకరు ఒక్కో ఆర్డరుకు కాక ఒక్కో ట్రేడుకు కనీస రుసుము వసూలు చేసే పద్ధతి ఉంటే, ముక్కలు ముక్కలుగా వచ్చే కొద్దీ ఆ రుసుము పెరుగుతుంది. అది ముందే చదివి పెట్టుకోవడం మంచిది.

తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. 410.05 వాడు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. 414.00కు ఉన్న 60 షేర్లను ఎవరో కొనుక్కుపోయారు. ఆపైన కొత్త అమ్మకందారు ఒకరు 413.20కి 200 షేర్లతో దిగారు. ఇప్పుడు స్ప్రెడ్ 3.15. ఇక్కడ నేను ఎదురుచూడటం ఆపి, మిగిలిన 320 షేర్ల ధరను 413.20కి మార్చాను.

ఇది చాలామంది గమనించని సంగతి. లిమిట్ ఆర్డరు అంటే కింద కూర్చుని కాచుకోవడమే అనుకుంటారు. ఆస్క్ ధరకు గానీ అంతకన్నా పైన గానీ లిమిట్ పెడితే, అది మార్కెట్ ఆర్డరులాగే వెంటనే కొంటుంది. తేడా ఒక్కటే, గీసిన గీత దాటి పైకి ఎక్కదు. పైగా లిమిట్ 413.20 కన్నా ఎంత ఎక్కువ పెట్టినా ఆ 200 షేర్లు 413.20కే వస్తాయి, ముందునుంచి కాచుకున్నవాడి ధరకే ట్రేడు జరుగుతుంది. నేను 414.80 అని పెట్టి ఉంటే 200 షేర్లు 413.20కి, 120 షేర్లు 414.80కి వచ్చి అక్కడితో పని అయిపోయేది. దానికి అయ్యే అదనపు ఖర్చు 192. మార్కెట్ మూసే సమయం దగ్గర పడి ఉంటే అలాగే చేసేవాడిని. ఇంకా సమయం ఉంది కాబట్టి 413.20 దగ్గరే గీత గీశాను.

200 షేర్లు తక్షణం వచ్చాయి. మిగిలిన 120కి ఇప్పుడు బిడ్ నాదే, 413.20. ఎదుట ఆస్క్ 414.80, మధ్య దూరం 1.60. ఈసారి పైకి వచ్చి కూర్చునే ప్రోగ్రాము కనబడలేదు, ఎందుకో తెలియదు. కొంతసేపటికి ఒక అమ్మకందారు నా ధరకే దిగివచ్చాడు, పని పూర్తయింది.

లెక్క చూస్తే 180 షేర్లు 410.00కు, 320 షేర్లు 413.20కి, మొత్తం 2,06,024. సగటు 412.05. మార్కెట్ ఆర్డరుతో అయ్యేదానికన్నా 2,188 తక్కువ. ఎదురుచూసినంతసేపు నేను వేరే పని కూడా చేసుకున్నాను కాబట్టి ఈ బేరం నాకు గిట్టుబాటు అయినట్టే.

అయితే ఈ 2,188ని ఉచితంగా వచ్చిన సొమ్ముగా చూడకూడదు. ఎదురుచూసిన సమయంలో ధర పైకి పోయే ప్రమాదం మోసినందుకు దొరికిన ప్రతిఫలం అది. ఆ ప్రమాదం నిజమైన రోజు కూడా నాకు ఉంది. ఇంకో షేరులో బిడ్ 96.40, ఆస్క్ 97.10 ఉండగా నేను 96.40 దగ్గర కాచుకున్నాను. స్ప్రెడ్‌లోని 0.70 మిగుల్చుకుందామని నా ఆలోచన. కొనేవారి తాకిడి మొదలై ఆస్క్ 97.50కి, 98.20కి పోతూనే ఉంది, నా ఆర్డరు ఉన్నచోటే ఉండిపోయింది. మార్కెట్ ముగిసేసరికి చివరి ట్రేడు 99.80. నా ఆర్డరు ఆ రోజుకు మాత్రమే చెల్లేది కాబట్టి దానంతట అదే రద్దయింది. షేరు అవసరమే అయితే, 0.70 ఆదా కోసం 2.70 వదులుకున్నట్టు లెక్క.

దీని అవతలి ముఖం ఇంకా తిప్పలు పెడుతుంది. ధర పెరిగే రోజున నా కింది ధర బిడ్‌కు షేర్లు దొరకవు, పడిపోయే రోజున తప్పకుండా దొరుకుతాయి. ఏదో చెడ్డ వార్త వచ్చిందనుకోండి, దాన్ని ముందుగా చదివినవాడు మొదట చేసే పని వరుసలో నిలిచి ఉన్న బిడ్‌లకు తన షేర్లు అప్పగించడం. అప్పుడు ‘నేను అడిగిన ధరకు దొరికింది’ అన్న సంతోషం ఒక నిమిషం కూడా మిగలదు, ఎందుకంటే అప్పటికే కొత్త ధర అంతకన్నా కింద ఉంటుంది. 1983లో కోప్‌లాండ్, గలాయ్ అనే పరిశోధకులు ఈ సంగతిని చక్కగా విడమరచి చెప్పారు: కాచుకుని ఉన్న ఆర్డరు అంటే మిగతావారందరికీ ఇచ్చిన ఒక ఉచిత ఆప్షను, వారికి లాభం అనిపించినప్పుడే వాడుకుంటారు. అందుకే లిమిట్ ఆర్డరు పెట్టి, తెర మూసేసి, రోజంతా మరచిపోవడం నాకు నచ్చదు. ఫలితాల ప్రకటన ఉందని తెలిసిన రోజున అసలు పెట్టను. వారాల పాటు బతికి ఉండే ఆర్డర్లు కొన్నిచోట్ల ఇవ్వవచ్చు, వాటి జోలికి పోను.

ఇంత చెప్పినా, పలచటి షేరులో మార్కెట్ ఆర్డరు కన్నా లిమిట్ ఆర్డరుకే నా ఓటు. లిమిట్ ఆర్డరు వల్ల జరిగే నష్టానికి ఒక ఆకారం ఉంటుంది: షేరు దొరకకపోవచ్చు, లేదా నేను ఒప్పుకున్న ధరకే దొరికి తర్వాత పడవచ్చు. మార్కెట్ ఆర్డరు నష్టానికి అడుగు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. అమెరికా మార్కెట్లలో 2010 మే 6న కొద్ది నిమిషాలపాటు సిసలైన కొనుగోలుదారులు పక్కకు తప్పుకున్నారు. బిడ్ వరుసలో అడుగున మిగిలినవి, నియమం కోసం ఏదో ఒక ధర చూపించాలి కాబట్టి పెట్టిన నామమాత్రపు ఆర్డర్లు. 40 డాలర్ల దగ్గర ఉన్న యాక్సెంచర్ షేర్లు కొన్ని ఒక్క సెంటుకు అమ్ముడుపోయాయి. ఆ ధర ఎవరూ కోరుకున్నది కాదు. ధర షరతు లేని ఆర్డర్లు వరుస చివరిదాకా దిగిపోతే జరిగేది అదే. బాగా అసాధారణమైన ధరలకు జరిగిన ఆ ట్రేడులను తర్వాత రద్దు చేశారు, అలాంటి నామమాత్రపు ఆర్డర్లను ఆ ఏడాదే నిషేధించారు. కొన్నిచోట్ల ఇప్పుడు మార్కెట్ ఆర్డరుకు కూడా లోపల శాతాల లెక్కన ఒక హద్దు పెడుతున్నారు. అది ఎంత అన్నది చాలాసార్లు మన నిర్ణయం కాదు.

కొనడం అయ్యాక నేను చేసే పని ఒకటి మిగిలింది. ఆర్డరు పెట్టే ముందు ఉన్న నడిమి ధరను ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంటాను, ఈసారి అది 411.75. సాయంత్రం ట్రేడ్ బుక్ తెరిచి, సగటుగా ఎంత పడిందో దాని పక్కన రాస్తాను. 412.05 అంటే నడిమి ధర కన్నా 0.30 ఎక్కువ. ఆర్డర్ బుక్‌లో కనిపించే సగటు ఒక్కటే చూస్తే సరిపోదు, ట్రేడ్ బుక్‌లోనే ఏ ముక్క ఏ ధరకు, ఏ సమయానికి వచ్చిందో ఉంటుంది. రోజు ముగింపు ధరతో పోల్చడం వల్ల ఉపయోగం లేదు, అందులో మార్కెట్ కదలిక కలిసిపోతుంది. ఆర్డరు ఇచ్చిన క్షణపు నడిమి ధరతో పోలిస్తేనే ఆర్డరు వల్ల ఎంత పోయిందో విడిగా తెలుస్తుంది.

ఆ నోటు పుస్తకంలో ఈ షేరు పేరు కింద ఇంకో మాట కూడా రాసుకున్నాను. అమ్మాల్సిన రోజున నాకు ఎదురుగా ఉండేది డెప్త్ ఎడమవైపు వరుస. ఆ మధ్యాహ్నం అందులో 409 దాకా ఉన్నవి మొత్తం 460 షేర్లే. కాబట్టి ఇందులో మరో 500 చేర్చాలనిపించినా, ఆ వరుస ఇంకొంచెం ఒత్తుగా కనిపించేవరకు చేర్చను.